గీత, పద్మ, అరవై వేలు: చాట్‌లో కథ ఎలా నడుస్తుంది

వాట్సాప్ సంభాషణ రూపంలో కథ రాయాలని కూర్చున్నవాళ్లకు మొదటి పేజీలోనే ఒక చిక్కు ఎదురవుతుంది. మామూలు కథలో రచయిత ఉంటాడు. వీళ్లిద్దరూ డిగ్రీ కలిసి చదివారనీ, ఒకరు అప్పిచ్చారనీ, ఇంకొకరు తీర్చలేదనీ పాఠకుడికి ఆయనే చెప్పేస్తాడు. చాట్ కథలో ఆయన లేడు. ఉన్నది రెండు ఫోన్లు, వాటిలో పడే మాటలు మాత్రమే. ఆ ఇద్దరికీ తెలిసిన సంగతిని ఒకరికొకరు ఎందుకు చెప్పుకుంటారు? "పద్మా, నీకు గుర్తుందిగా, జూన్‌లో మీ అమ్మాయి ఇంటర్ ఫీజు కోసం నేను నీకు అరవై వేలు ఇచ్చాను" అని ఏ స్నేహితురాలూ మెసేజ్ పెట్టదు. అలా రాసిన వెంటనే, ఆ మాట పద్మ కోసం కాదు, మన కోసం రాసిందని పాఠకుడు పట్టేస్తాడు. కథ అక్కడే చెడిపోతుంది.

డబ్బు తగాదా ఈ చిక్కును చక్కగా విప్పుతుంది. చాట్ కథకు ఇంతకంటే అనువైన వస్తువు నాకు కనిపించలేదు. మనుషులు తెలిసిన సంగతులనే మళ్లీ మళ్లీ చెప్పుకునేది పోట్లాటలోనే. ఎంత ఇచ్చావు, ఎప్పుడు ఇచ్చావు, ఏమన్నావు, ఎప్పటికల్లా ఇస్తానన్నావు అంటూ ఇద్దరూ లెక్క తిరగేస్తారు. ఆ లెక్కలోంచే పాఠకుడికి పాత కథంతా తెలిసిపోతుంది. ఎవరూ ఎవరికీ వివరిస్తున్నట్టు ఉండదు.

దీన్ని ఒక కథతోనే చూద్దాం. ఈ వ్యాసం కోసం అల్లిన కథ ఇది. గీత గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. పద్మ తెనాలిలో ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. పద్మ చేబదులు తీసుకుంది, దసరాకి ఇస్తానంది, దసరా దాటిపోయింది. నవంబరులో పద్మ తన స్టేటస్‌లో కొత్త స్కూటీ ఫోటో పెట్టింది. కథ అక్కడ మొదలవుతుంది.

నవంబరు 9
గీత (రాత్రి 9:42): స్కూటీ బాగుంది
పద్మ (9:43): థాంక్సే
గీత (9:43): ఎంతయింది
పద్మ (9:51): ఎందుకు
గీత (9:52): ఊరికే. దసరాకి ఇస్తానన్న అరవై గుర్తొచ్చింది
పద్మ (9:53): ఈఎంఐ మీద తీసుకున్నాం. ముందు పన్నెండు వేలు కట్టాం, అంతే. పాతది ఇంజను పోయింది. బండి లేకపోతే ఆయనకి డ్యూటీ లేదు
గీత (9:55): పన్నెండు వేలు ఉన్నాయన్నమాట
పద్మ (9:58): అమ్మ దగ్గర తెచ్చాం
గీత (9:59): దసరా వెళ్లి నెల దాటింది. ఒక్క మాట చెప్పావా? స్టేటస్ చూసి తెలుసుకోవాలా నేను
పద్మ (10:02): జూన్‌లో పాప ఫీజుకి అడిగినప్పుడు నిదానంగా ఇయ్యమన్నది నువ్వేగా
గీత (10:03): నిదానంగా అంటే నేను అడిగేదాకా అని కాదు
పద్మ (10:11): మీ డబ్బు ఎక్కడికీ పోదు గీతగారూ. వచ్చే నెల నుంచి కడతాను

అప్పు ఎంత, ఎప్పటిది, దేనికి తీసుకున్నది, గడువు ఎప్పుడు, ఆలస్యానికి కారణమేమిటి అన్నవన్నీ ఈ కాసిని మాటల్లో వచ్చేశాయి. ఒక్కటి కూడా పాఠకుడి కోసం అన్నట్టు లేదు. ఇక్కడ ఇంకో సంగతి గమనించాలి. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. బండి లేనిదే పద్మ ఇంట్లో జీతం రాదు, జీతం రానిదే అప్పు తీరదు. అయినా గీతకు ముందుగా ఒక మాట చెప్పి ఉండాల్సింది. తప్పంతా ఒకవైపే పెడితే ఇలాంటి కథ నిలవదు. ఎగ్గొట్టేవాళ్ల కథ వేరు, ఇవ్వలేకపోయేవాళ్ల కథ వేరు. రెండోదాంట్లోనే కలుసుకోవడానికి దారి ఉంటుంది.

స్టేటస్‌ను ఎంచుకోవడం వెనకా ఒక కారణం ఉంది. వాట్సాప్‌లో స్టేటస్ 24 గంటలు ఉంటుంది. ఎవరెవరు చూశారో పెట్టినవాళ్లకు తెలుస్తుంది. అంటే గీత ఆ ఫోటో చూసిందని పద్మకు ముందే తెలుసు. "ఎంతయింది" అన్న ప్రశ్నకు ఎనిమిది నిమిషాలు పట్టింది అందుకే. ఆ ఎనిమిది నిమిషాల్లో పద్మ మనసులో ఏం జరిగిందో మామూలు కథలో ఒక పేరా రాస్తాం. ఇక్కడ 9:43, 9:51 అన్న రెండు అంకెలే ఆ పేరా. చాట్ కథలో టైము అలంకారం కాదు, సగం కథనం దాని మీదే నడుస్తుంది. ఆ కారణంగానే టైము అన్నిచోట్లా వేయకూడదు. జవాబు వెంటనే వచ్చినచోట, ఆలస్యమైనచోట, వేళకాని వేళ వచ్చినచోట వేస్తే చాలు. ప్రతి గీతకూ వేస్తే పాఠకుడు చూడటం మానేస్తాడు.

ఆఖరి మెసేజ్‌లో పద్మ "నువ్వు" నుంచి "మీరు"లోకి వెళ్లిపోయింది. దగ్గరివాళ్ల మధ్య "గారు" వచ్చిందంటే తిట్టుకంటే గట్టిగా తగులుతుంది. మన భాషలో రాసేవాళ్లకు ఇది పెద్ద వనరు. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారన్నది చూపిస్తే చాలు, "ఆమెకు కోపం వచ్చింది" అని చెప్పక్కర్లేదు. ఈ "మీరు" మళ్లీ "నువ్వు" అయ్యే క్షణం కోసమే మిగతా కథంతా ఎదురుచూస్తుంది.

మర్నాడు పొద్దున్న 5:40కి గీత ఒక మెసేజ్ పెట్టి, పద్మ చదవకముందే తుడిచేసింది. అందరికీ కనిపించకుండా మెసేజ్ తీసేసే సౌకర్యం వాట్సాప్‌లో 2017 చివర్లో వచ్చింది. మాట పోతుంది కానీ తుడిచేసిన జాడ అక్కడే ఉండిపోతుంది. నీలం టిక్కులు అంతకుముందే, 2014లో వచ్చాయి. కథ రాసేవాడికి ఈ రెండూ అక్కరకొచ్చే పనిముట్లు. ఉత్తరంలో ఇవి లేవు. రాసి చించేసిన ఉత్తరం సంగతి అవతలివాళ్లకు తెలియదు. ఇక్కడ తెలుస్తుంది, కానీ అందులో ఏముందో తెలియదు. మన కథలో ఆ తుడిచేసిన మెసేజ్ దాదాపు మూడు నెలలు అలాగే ఉంటుంది.

ఉత్తరాలతో నడిచే కథలు పాతవే. 1938లో అమెరికన్ రచయిత్రి క్యాథరిన్ క్రెస్‌మన్ టేలర్ రాసిన "అడ్రస్ అన్‌నోన్" ఇలా రాసేవాళ్లకు మంచి పాఠం. చిత్రపటాల వ్యాపారంలో భాగస్వాములైన ఇద్దరు మిత్రుల ఉత్తరాలే ఆ కథంతా. ఒకాయన శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటాడు, ఇంకొకాయన జర్మనీకి తిరిగి వెళ్లిపోతాడు. హిట్లర్ రాకతో ఆ స్నేహం విరుగుతుంది. అది కలిసే కథ కాదు, పూర్తిగా విరిగిపోయే కథ. కానీ కథ ఎలా నడిచిందో చూడండి. ఉత్తరం మీద తేదీ, మొదట్లో పిలుపు, మధ్యలో వ్యాపారం మాటలు, వీటితోనే స్నేహం ఏ మెట్టు మీద ఉందో తెలిసిపోతుంది. రచయిత్రి ఎక్కడా తలదూర్చి వ్యాఖ్యానించదు. చాట్ కథకు కావలసిన నిగ్రహం ఇదే.

తెలుగులో రాసేటప్పుడు ఒక ప్రశ్న తప్పదు. మనలో చాలామంది చాట్ చేసేది ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు. దాన్ని ఉన్నదున్నట్టు అచ్చేస్తే రెండు పేజీలకే పాఠకుడి కళ్లు అలసిపోతాయి. తెలుగు లిపిలోకి మార్చడమే మేలని నా అభిప్రాయం. మార్చేటప్పుడు మాట్లాడే తీరు మాత్రం పోనివ్వకూడదు. పై సంభాషణలో చాలాచోట్ల చుక్కలు, ప్రశ్నార్థకాలు లేవు. వాక్యాలు పొట్టివి. "ధన్యవాదాలు" కాదు, "థాంక్సే" అంటుంది పద్మ. ఆ చివరి "ఏ"లోనే పాత స్నేహమంతా ఉంది. టీచరు గనక గీత వాక్యాలు కాస్త తీర్చినట్టు ఉంటాయి. పేర్లు మూసి చదివినా ఏ మాట ఎవరిదో తెలియాలి. తెలియకపోతే ఆ మెసేజ్ మళ్లీ రాసుకోవాల్సిందే. ఎమోజీలు కథలో వీలైనంత తక్కువ పెట్టడం మంచిది. తెర మీద అవి కళ్లకు అలవాటే కానీ, అచ్చులో మనిషి చెప్పాల్సిన మాటను మింగేస్తాయి.

ఇక కలుసుకోవడం. చాలా కథలు దెబ్బతినేది ఇక్కడే. గొడవ బాగా రాసినవాళ్లు కూడా రాజీని ఒక్క పెద్ద మెసేజ్‌లో ముగించేస్తారు. "నన్ను క్షమించు, డబ్బు కంటే స్నేహం గొప్పదని తెలుసుకున్నాను" అని ఒకరు పది వాక్యాలు రాస్తారు, ఇంకొకరు కరిగిపోతారు. లేదంటే ఒకరిని ఆస్పత్రిలో చేరుస్తారు. అప్పు తగాదా పడ్డవాళ్లు అలా కలవరు. మళ్లీ మాట్లాడటానికి వాళ్లకు ఒక పని కావాలి. ఆ పని కూడా మొదట్లో డబ్బు గురించే ఉంటుంది. ఎందుకంటే తెగింది అక్కడే.

డిసెంబరు 1
గీత (పొద్దున్న 10:15): రెండు వేలు వచ్చాయి

జనవరి 1
గీత (11:02): వచ్చాయి. హ్యాపీ న్యూ ఇయర్
పద్మ (సాయంత్రం 6:30): మీక్కూడా

పద్మ డబ్బు పంపిన సంగతి మనకు కనిపించదు, అది యూపీఐలో జరిగింది. అందిందన్న గీత మాటతోనే తెలుస్తుంది. డిసెంబరులో పద్మ జవాబివ్వలేదు. "పద్మ జవాబివ్వలేదు" అని రాయాల్సిన పని లేదు, తర్వాతి తేదీ వేస్తే సరి. నవంబరు 10 నుంచి డిసెంబరు 1 దాకా మెసేజ్ లేని ఆ మూడు వారాల్ని రచయిత నింపబోతే కథ పాడవుతుంది. నెమ్మదిగా కలవడమంటే పాఠకుడికి కూడా కొంత ఎదురుచూపు ఉండాలి.

జనవరి 18
పద్మ (మధ్యాహ్నం 2:20): ఆది జాకెట్టు ఇక్కడే ఉండిపోయింది. పంపాలా
గీత (సాయంత్రం 6:41): ఉండనీలే

నా లెక్కన కథకు గుండె ఇదే. ఆది జాకెట్టంటే కొలతల కోసం దర్జీ దగ్గర వదిలే పాత జాకెట్టు. అది వెనక్కి తీసుకుంటే ఇక నీ దగ్గర కుట్టించుకోనని చెప్పినట్టే. ఉండనీలే అంటే ఇంకా నీ దగ్గరికే వస్తానని. క్షమాపణ లేదు, స్నేహం అన్న మాట లేదు. పద్మ వాక్యం ఇంకోసారి చూడండి. అందులో "నీ" లేదు, "మీ" లేదు. "మీ" అనడానికి మనసొప్పలేదు, "నీ" అనడానికి ధైర్యం చాలలేదు. కర్త లేకుండా, ఎవరిదో చెప్పకుండా వాక్యం నడిపే వీలు తెలుగుకు ఉంది కాబట్టి ఆమె తప్పించుకోగలిగింది. గీతకు ఆ ఒక్క మాట పెట్టడానికి నాలుగు గంటలు పైనే పట్టింది.

ఇలాంటి వస్తువును గాల్లోంచి తేకూడదు. ఆ ఇద్దరి పనిలోంచి రావాలి. పద్మ దర్జీ కాబట్టి ఆది జాకెట్టు వచ్చింది. ఇద్దరు రైతుల కథైతే ఇంకేదో వస్తుంది, బహుశా ఒకరి షెడ్డులో ఉండిపోయిన మందు కొట్టే స్ప్రేయరు. ఒకరి వస్తువు ఇంకొకరి ఇంట్లో ఉండిపోయిందా అని వెతుక్కుంటే దారి దొరుకుతుంది.

ఫిబ్రవరి 1
గీత (10:08): వచ్చాయి. పాప ఎలా చదువుతోంది
పద్మ (10:09): పరీక్షలు మార్చిలో. రాత్రి పన్నెండు దాకా కూర్చుంటోంది
పద్మ (10:30): ఒకటి అడగనా
గీత (10:30): ఊ
పద్మ (10:34): అప్పుడు తెల్లారుజామున ఏదో పెట్టి తుడిచేశావు. ఏంటది
గీత (10:36): ఏం లేదు
పద్మ (10:36): చెప్పవే
గీత (10:49): నీకిచ్చింది గొలుసు బ్యాంకులో పెట్టి తెచ్చిందే. నెలకి 450 వడ్డీ
వాయిస్ కాల్, 22 నిమిషాలు

"తుడిచేశావు" అనడంతో "నువ్వు" వచ్చేసింది. అది వచ్చినట్టు పద్మకే తెలియదు. గీత దాచిన సంగతి కూడా అప్పుడే బయటపడింది. అరవై వేల బంగారం అప్పు మీద ఏడాదికి తొమ్మిది శాతం చొప్పున వడ్డీ వేస్తే నెలకు 450 అవుతుంది. గొడవ జరిగే నాటికి అయిదు నెలలకు 2,250 రూపాయలు. రచయిత ఈ లెక్క ముందే వేసుకుని ఉండాలి, కథలో మాత్రం 450 ఒక్కటే రావాలి. గీత కోపం అరవై వేల గురించే కాదనీ, తను చేసింది అవతలి మనిషికి తెలియలేదన్న బాధ కూడా ఉందనీ ఆ ఒక్క అంకె చెబుతుంది. ఆ రోజే ఎందుకు చెప్పలేదంటే, చెబితే ఎత్తిపొడిచినట్టు ఉంటుందని. అందుకే పెట్టీ తుడిచేసింది.

ఆ 22 నిమిషాల్లో ఏం మాట్లాడుకున్నారు? చెప్పకూడదు. ఈ రూపానికున్న హద్దును పనికి వాడుకోవడమంటే ఇదే. ఇద్దరూ ఏడ్చారో, నవ్వారో, ఎవరు ముందు మాట్లాడారో పాఠకుడు ఊహించుకుంటాడు. ఆ కాల్‌ను సంభాషణగా రాయబోతే అది చాట్ కథ కాకుండా పోతుంది, పైగా మనం వద్దనుకున్న క్షమాపణలన్నీ దొడ్డిదారిన వచ్చేస్తాయి.

మార్చి 4
గీత (రాత్రి 8:12): పదిహేను వేలు వచ్చాయేంటి
పద్మ (8:13): చీటీ పాడాను
గీత (8:13): ఇరవై వేల చీటీయా?
పద్మ (8:14): ఊ
గీత (8:14): ఒసేయ్ పిచ్చిదానా, అయిదు వేలు పాటకి వదిలేశావా! నన్నడగొచ్చుగా, ఇంకో రెండు నెలలు ఆగేదాన్ని
పద్మ (8:20): ఇంకా 39. రాసుకో
గీత (8:21): నువ్వే రాసుకో. ఉగాదికి జాకెట్టు గుడ్డ తెస్తున్నా

ఇక్కడ కథ ఆపేయాలి. చీటీ పాట తెలిసినవాళ్లకు వివరం అక్కర్లేదు. నెలకు వెయ్యి చొప్పున ఇరవై మంది కట్టే ఇరవై వేల చీటీని ఆఖరిదాకా ఆగకుండా ముందే ఎత్తుకోవాలంటే కొంత వదులుకోవాలి. పద్మ అయిదు వేలు వదులుకుని పదిహేను వేలు తెచ్చింది. తన గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉన్న మనిషి, అవతలి మనిషికి అయిదు వేలు పోయాయని తిడుతోంది. నవంబరులో ఇదే మనిషి పన్నెండు వేల గురించి దెప్పింది. ఇద్దరి మధ్యా ఏం మారిందో చెప్పడానికి ఇంతకు మించి ఒక్క వాక్యమూ అక్కర్లేదు. అప్పు ఇంకా తీరలేదు, 39 వేలు మిగిలే ఉంది. మొత్తం తీర్చేసి ముగిస్తే, డబ్బు అందింది కాబట్టి కలిశారన్న అర్థం వస్తుంది. బాకీ ఉండగానే కలవడం ఈ కథకు అవసరం.

ఇలాంటి కథ రాయాలనుకునేవాళ్లు ముందు ఒక కాగితం మీద రెండు పట్టీలు రాసుకోండి. ఒకదాంట్లో డబ్బు లెక్క, ఎంత ఇచ్చారు, ఎంత వచ్చింది, ఎంత మిగిలింది. ఇంకోదాంట్లో తేదీలు, పండగలు, పరీక్షలు, జీతాల రోజులు. రెండూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. అప్పు కథలో అంకె తప్పితే పాఠకుడు ఇక ఏదీ నమ్మడు. మీ స్నేహితులతో నిజంగా జరిగిన చాట్‌ను మాత్రం ఎత్తి కథలో పెట్టకండి. ఆ మాటల్లో సగం అవతలివాళ్లవి. వాళ్లనడిగి, వాళ్లు సరేనంటేనే వాడుకోండి. అప్పుడు కూడా పేర్లు, ఊళ్లు, మొత్తాలు మార్చి రాయండి.